మా సొంత కారణాలేమీ లేవు

డబ్బు అడగడానికని ఏజెంటు దగ్గరికి వెళ్లిన మనిషి అక్కడి ఏసీ బాగుచేసి వచ్చాడు.

"ఏమన్నాడు?" అంది కంగారమ్మ గుమ్మంలోనే. చంకలో పాప, చేతిలో పాప తాగకుండా వదిలేసిన పాలగ్లాసు.

"కెపాసిటర్ పోయింది. నా సంచిలో ఒకటుంటే వేశాను. ఇప్పుడు ఐసులా ఉంది గది," అన్నాడు మెకానిక్ చెప్పులు విప్పుతూ.

"నేనడిగింది ఏసీ సంగతి కాదండీ."

"ఓ, అదా. వచ్చే వారం అన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడులే. టీ కూడా తెప్పించాడు."

లోపల మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న అత్తగారు తలెత్తకుండానే అడిగింది. "కెపాసిటర్‌కి డబ్బులిచ్చాడా?"

మెకానిక్ చెప్పుల్ని గోడవారకు సర్దాడు.

"అంటే మనమే ఎదురుపెట్టి వచ్చామన్నమాట. వచ్చే వారం వెళ్లేటప్పుడు ఫ్యాను కూడా పట్టుకెళ్లరా. టీకి బిస్కెట్లు కూడా పెడతాడేమో."

"అమ్మా, మనిషి ఎదురుగా కూర్చుని నవ్వుతూ పలకరిస్తుంటే ఎలా అడగను?"

"మొహమాటానికి పోతే ఏదో అయిందట వెనకటికి ఒకావిడకి. ఏమైందో మీ ఆవిడనడుగు, చెబుతుంది."

కంగారమ్మకు నవ్వు రావలసిన మాటే. రాలేదు. ఆ ఏజెంటు చేతిలో ఇరుక్కున్నది అత్తగారి డబ్బు. ముప్పై ఏళ్లు ఆసుపత్రి క్యాంటీన్లో పొయ్యి ముందు నిలబడి, దిగిపోయేటప్పుడు చేతికొచ్చిన మొత్తం. "మీ దగ్గరుంటే ఏం, నా దగ్గరుంటే ఏం" అని ఒక్కమాటలో తీసిచ్చింది. ఇమ్మని అడిగింది మాత్రం కొడుకు కాదు, కోడలు.

వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. కంగారమ్మ అంటేనే అందరికీ తెలుస్తుంది. పాపకు తుమ్మొస్తే డాక్టరు, మబ్బు పడితే గొడుగు, మొగుడు మూల తిరిగేసరికి ఫోను. పాప పుట్టాక ఆ కంగారు రెట్టింపైంది. ఇంకొకడి రిపేరు షాపులో జీతానికి పనిచేసే మనిషి, ఆ షాపు మూసేస్తే? పాప బడి, ఆ తర్వాత కాలేజీ? పక్క వీధిలో ఒకతను పైదేశం వెళ్లి మేడ కట్టాడని విన్నరోజు నుంచి ఆమెకు తిండి సహించలేదు. మెకానిక్ "చూద్దాంలే" అన్నాడు. అతను దేనికైనా అంతే అంటాడు గనక ఆమె దాన్ని సరే కిందే లెక్కేసుకుంది.

అలా వెళ్లి ఒప్పందం రాసుకున్నారు. పెద్ద ఆసుపత్రిలో ఏసీలు చూసుకునే పని, గది వాళ్లే ఇస్తారు, ఆరు నెలల్లోపు విమానం ఎక్కిస్తామన్నాడు ఏజెంటు. పాస్‌పోర్టు తీసి సొరుగులో పెట్టుకున్నాడు. ఆరు నెలలు పోయాయి. ఇంకో ఆరూ పోబోతున్నాయి. పాపకు పళ్లొచ్చాయి, నడకొచ్చింది, విమానం రాలేదు.

"వచ్చే వారం నేనూ వస్తాను," అంది కంగారమ్మ.

"నువ్వెందుకు? ఎండలో పాపతో..."

"మీరు ఇంకో ఏసీ బాగుచెయ్యకుండా చూడ్డానికి."

*

ఏజెంటు ఆఫీసు మెట్లు ఎక్కగానే చల్లగాలి మొహాన కొట్టింది. అది తన మొగుడి చేతి చలవేనని గుర్తొచ్చి ఆమెకు ఒళ్లు మండింది. గోడ మీద వరసగా గడియారాలు, ఒక్కోదాని కింద ఒక్కో ఊరి పేరు. ఒకటి ఆగిపోయి ఉంది. మూల చేపల తొట్టి. పాప దాన్ని చూసి రెండు చేతులూ చాచింది.

"రా చెల్లెమ్మా, రా! అరె, కోడలుపిల్ల ఎంత పెద్దదైపోయింది!" ఏజెంటు లేచి నిలబడ్డాడు. లావుపాటి మనిషి, నవ్వితే కళ్లు కనబడవు. "కూర్చోండి. టీ చెప్పనా?"

"వద్దన్నయ్యా. డబ్బు కోసం వచ్చాం," అంది కంగారమ్మ.

మెకానిక్ ఆమె వైపు, ఏజెంటు వైపు, చివరికి చేపల వైపు చూశాడు.

"అయ్యో, డబ్బెక్కడికి పోతుంది? మా బావ కోసం నేను పడుతున్న పాట్లు నీకు తెలియవు. అక్కడ కంపెనీలన్నీ నెమ్మదించాయి. అయినా మీకు నమ్మకం పోయిందంటే నేను బలవంతం చేసేవాణ్ని కాదు." సొరుగు లాగి కాగితం ఒకటి తీశాడు. అప్పటికే టైపు చేసి ఉంది. పేరు రాయడానికి చుక్కలు, సంతకానికి గీత. "ఇక్కడ ఒక్క సంతకం పెట్టు బావా. పాస్‌పోర్టు ఇప్పుడే ఇచ్చేస్తా. ఫైలు పైకి పంపితే డబ్బు దానంతటదే వస్తుంది. ఉత్త ఫార్మాలిటీ."

పెన్ను కూడా మూత తీసి మరీ అందించాడు. మెకానిక్ అందుకున్నాడు. ఎవరేది అందించినా అందుకోవడం అతని అలవాటు.

"ఉండండి, చదువుతాను," అంది కంగారమ్మ.

ఆమె చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగింది. ఏ కాగితమైనా పెదవులు కదుపుతూ, వేలితో వరస పట్టుకుని చదువుతుంది. తొందరగా చదివితే ఏదో జారిపోతుందని భయం. ఏజెంటు గడియారాల వైపు చూశాడు. పాప చేపల తొట్టిని అరచేత్తో కొట్టింది.

"నేను... నా సొంత కారణాల వల్ల... ఈ ఉద్యోగ ప్రయత్నాన్ని... మానుకుంటున్నాను." వేలు అక్కడ ఆగింది. "ఇదేంటన్నయ్యా?"

"అందరికీ అదే ఫార్మాట్ చెల్లెమ్మా."

ఇంట్లో ఒప్పందం కాగితం ఆమె ఎన్నిసార్లు చదివిందో చెప్పలేం. భయమేసినప్పుడల్లా తీసి చదివేది, చదివాక భయం ఇంకా పెరిగేది. ఆరు నెలల్లో పని చూపించలేకపోతే తీసుకున్నదంతా తిరిగిస్తామని అందులో ఒక చోటుంది. దాని కిందే ఇంకో మాటుంది. మనిషి తన సొంత కారణాలతో మానుకుంటే ఫీజు తిరిగి ఇవ్వబడదు.

పక్కకు చూస్తే మెకానిక్ పెన్ను ఇంచుమించు గీత మీద ఆన్చి ఉంది.

"ఏమండీ, ఆ పెన్ను ఇలా ఇవ్వండి."

"ఏమైంది?"

"ఇవ్వండి ముందు." పెన్ను లాక్కుని మూత పెట్టి బల్ల మీద పెట్టింది. "మాకు సొంత కారణాలేమీ లేవన్నయ్యా. ఉన్న కారణమల్లా మీరే. పని చూపిస్తానన్నారు, చూపించలేదు. రాస్తే అది రాయండి, ఇప్పుడే సంతకం పెడతారు."

ఏజెంటు నవ్వాడు గానీ ఈసారి కళ్లు కనబడ్డాయి. "అలా రాయడానికి లేదమ్మా. సంతకం పెట్టకపోతే పాస్‌పోర్టు ఇవ్వడానికీ రూలు లేదు. మీ ఇష్టం."

చెల్లెమ్మ కాస్తా అమ్మ అయింది.

కంగారమ్మ పాపను చంకనెత్తుకుని మెట్లు దిగింది. వీధిలోకి వచ్చి నీడ పట్టున నిలబడ్డారు.

"అంత గట్టిగా అన్నావేంటి? అతను నొచ్చుకున్నాడు," అన్నాడు మెకానిక్.

"నొచ్చుకోనివ్వండి! మీరు గీత గీసుంటే మీ అమ్మ మొహం నేనెట్లా చూసేదాన్ని?"

అతను పాపను ఆమె చంకలోంచి తీసుకుని తన భుజానికెత్తుకున్నాడు. "నిజమే. నేను పెట్టేసేవాణ్నే," అన్నాడు.

*

పైదేశాలకు పనికెళ్లేవాళ్ల కోసం ప్రభుత్వం వాళ్ల సహాయం నంబరొకటి ఉందని ఒప్పందం కాగితం అడుగునే చిన్న అక్షరాల్లో ఉంది. కంగారమ్మ ఫోన్ చేసింది. పెట్టేశాక సందేహం వచ్చి మళ్లీ చేసింది. మూడోసారి చేసేసరికి అవతల ఆవిడ ఈమె గొంతు గుర్తుపట్టేసింది.

"మళ్లీ మీరేనా అమ్మా? రాసుకున్నారుగా?"

"రాసుకున్నానండీ. సరిగ్గానే రాసుకున్నానా అని."

అవతలావిడ విసుక్కోకుండా మళ్లీ చెప్పింది. ఏజెంటుకు లైసెన్సు ఉంది, నంబరు సరిపోయింది, అది మంచిదే. లైసెన్సు ఉన్నవాడు ప్రభుత్వం దగ్గర పూచీ సొమ్ము కట్టి ఉంటాడు, తప్పు చేస్తే అది పోతుంది, కాబట్టి వాడికీ భయముంటుంది. మానుకుంటున్నామని ఎక్కడా రాయకండి. గడువు దాటినా మీరు పని చూపించలేదు గనక ఒప్పందం రద్దు చేస్తున్నాం, డబ్బూ పాస్‌పోర్టూ ఫలానా తేదీలోపు ఇవ్వండి, లేకపోతే ఫిర్యాదు చేస్తాం, అని రాయండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అందినట్టు సంతకం చేసిన కార్డు వెనక్కొచ్చేలా. ఒక కాపీ మీ దగ్గరుంచుకోండి. పాస్‌పోర్టు మీ ఆయనది, ఫీజు పేరు చెప్పి అట్టిపెట్టుకునే హక్కు ఎవరికీ లేదు.

పాప మధ్యాహ్నం నిద్రలో ఉండగా వంటింట్లో నేల మీద కూర్చుని కంగారమ్మ ఉత్తరం మొదలుపెట్టింది. అత్తగారు పీట జరుపుకుని పక్కన చేరింది.

"ముందు, నువ్వు మనిషివేనా అని రాయి."

"అట్లాంటివి రాయకూడదట అత్తయ్యా. జరిగింది మాత్రమే రాయాలట."

"జరిగిందే చెబుతున్నా. సరే, పురుగులు పడిపోతావని చివర్లో చిన్నగా రాయి. కనబడీ కనబడనట్టు."

"అత్తయ్యా!"

"పోనీలే. నీ ఇష్టం. నా డబ్బుకి నువ్వు ఉత్తరాలు రాస్తున్నావు, నేనెవర్ని మధ్యలో." అని నవ్వింది ముసలావిడ. ఆ నవ్వులో నిష్ఠూరం వెతికింది కంగారమ్మ. దొరకలేదు. దొరికితేనే నయమనిపించింది, ఎంతో కొంత పడి ఊరుకునేది.

మూడు కాగితాలు చింపాక ఉత్తరం కుదిరింది. మెకానిక్ సంతకం పెట్టాడు. ఈసారి పెన్ను ఆమే అందించింది.

పోస్టులోంచి కార్డు తిరిగొచ్చింది. అవతల సంతకం గజిబిజిగా ఉన్నా ఆఫీసు ముద్ర స్పష్టంగా ఉంది. ఆ వెంటే ఫోన్ వచ్చింది.

"బావా! శుభవార్త!" ఏజెంటు గొంతు పక్కగది దాకా వినిపిస్తోంది. "నీ అదృష్టం పండింది. పని వచ్చేసింది. ఈ శుక్రవారమే ప్రయాణం. బట్టలు సర్దుకో!"

మెకానిక్ ఫోన్ పెట్టేశాడు. పాప వాళ్ల నాన్న చెప్పుల్లో కాళ్లు దూర్చి టపటపలాడిస్తూ తిరుగుతోంది.

ఇంతకాలం ఈ ఫోన్ కోసమే ఎదురుచూసింది కంగారమ్మ. తీరా వస్తే గుండె పొంగాలి కదా. పొంగలేదు.

"ఏ కంపెనీ అట?" అంది.

"అక్కడికెళ్లాక చెబుతారట."

"జీతం?"

"అదీ అక్కడికెళ్లాకేనట. ముందు విజిట్ వీసా మీద వెళ్లాలట, తర్వాత మారుస్తారట."

ఆమె సహాయం నంబరుకు చేసింది. అవతలావిడ ఈసారి గొంతు కాస్త గట్టి చేసింది. విజిట్ వీసా చూసి రావడానికే తప్ప పని చేయడానికి కాదమ్మా. అలా వెళ్లి పనిచేస్తూ దొరికితే తప్పు మీ ఆయనదే అవుతుంది, జీతం ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు. నిజంగా పని ఉంటే యజమాని ఇచ్చిన కాగితం ఉంటుంది, ఎవరికి, ఏ పనికి, ఎంత జీతానికి అని. అది చూపించమనండి.

అడిగితే ఏజెంటు చూపించలేదు. పైగా మెసేజ్ పెట్టాడు. *పని ఇచ్చాను. రానంటే మీరే మానుకున్నట్టు. తర్వాత నన్ననొద్దు.*

"గోరుచుట్టు మీద రోకటిపోటు," అంది అత్తగారు. "ఎటు తిరిగినా వాడి వల్లోనే పడాలి."

మెకానిక్ వీధరుగు మీద కూర్చుని స్క్రూడ్రైవర్‌తో ఊరికే నేల గీకుతున్నాడు. కంగారమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"మీకు వెళ్లాలనుందా?" అంది. సంవత్సరం నుంచి ఆ ప్రశ్న అడగలేదని అప్పుడు తెలిసింది ఆమెకు.

అతను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"లేదు," అన్నాడు.

"ఇప్పుడా? మొదట్నుంచా?"

"మొదట్నుంచే. ఎట్లా చెప్పేది? నువ్వంత ఆశపడ్డావు. మేడ గురించి, పాప బడి గురించి... అమ్మ డబ్బు కూడా తెచ్చావు. కాదంటే నీ మొహం ఎలా అయిపోతుందో అని..." ఆగి పాప వైపు చూశాడు. చెప్పులు కాళ్లలోంచి జారి అది బోర్లాపడింది. ఏడవాలా వద్దా తేల్చుకోడానికి ఎవరైనా చూస్తున్నారేమోనని చూసింది. "ఇది నడక నేర్చిన రోజు నేను ఇంట్లో ఉన్నాను. వాడు పంపించుంటే ఎక్కడుండేవాణ్నో."

కంగారమ్మకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. "నా దగ్గర కూడా మొహమాటమేనా!" అంది.

"నీ దగ్గరే ఎక్కువ."

నవ్వొచ్చింది ఆమెకు. ఏడుపు కూడా వచ్చింది. రెండూ కలిసి ముక్కులోంచి వింత చప్పుడొకటి వచ్చింది. లోపల్నుంచి అత్తగారు "ఎవరికే జలుబు?" అని కేకేసింది.

"అయితే వినండి," అంది ముక్కు తుడుచుకుని. "మీరెక్కడికీ వెళ్లొద్దు. అత్తయ్య డబ్బు మాత్రం నాకు పైసాతో సహా కావాలి."

మర్నాడు సహాయం నంబరావిడ చెప్పిన ప్రభుత్వ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చారు.

*

పిలుపు వచ్చినరోజు ఇద్దరూ పాపతో సహా ఆ ప్రభుత్వ ఆఫీసుకు ముందే చేరారు. కంగారమ్మ సంచిలో ఒప్పందం, రసీదు, ఉత్తరం కాపీ, అందినట్టు తిరిగొచ్చిన కార్డు, పాప పాలసీసా, పాప బట్టలు, ఎందుకైనా మంచిదని ఇంకో జత పాప బట్టలు. పొడుగాటి వరండాలో బెంచీలు, పైన ఒక్కటే ఫ్యాను. మెకానిక్ తలెత్తి దాని వైపు చూశాడు.

"బేరింగు పోయింది," అన్నాడు.

"నోరు మూసుకోండి," అంది కంగారమ్మ.

అధికారి ఒక పెద్దావిడ. కళ్లజోడు ముక్కు చివర ఉంది. బల్లకు అటువైపు ఏజెంటు ఇస్త్రీ చొక్కాలో, చేతిలో తోలుసంచితో అప్పటికే కూర్చుని ఉన్నాడు. వీళ్లను చూసి నవ్వలేదు.

"వీళ్లే మానుకున్నారు మేడమ్. నేను పని ఇచ్చాను, రానన్నారు. ఒప్పందం ప్రకారం ఫీజు తిరిగిచ్చేది లేదు," అన్నాడు.

"ఏం పని ఇచ్చారు?"

"ఏసీ మెకానిక్ మేడమ్."

"యజమాని పంపిన కాగితం?"

"అది... వస్తోంది మేడమ్. దారిలో ఉంది."

"వీసా?"

"మొదట విజిట్, తర్వాత..."

ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుంది. "మీ లైసెన్సు ఎన్నేళ్లుగా ఉందండీ? విజిట్ వీసా మీద పనికి పంపకూడదని మీకు నేను చెప్పాలా?" తిరిగొచ్చిన కార్డు తిప్పి చూసింది. "వీళ్ల రద్దు ఉత్తరం మీకు అందాకే ఈ పని పుట్టింది. గడువేమో ఎప్పుడో దాటింది. మానుకున్నది వీళ్లెలా అవుతారు?"

ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. "సరే మేడమ్. మీ మాట కాదనను. తీసుకున్నది ఇచ్చేస్తాను." సంచిలోంచి రసీదు కాపీ తీసి బల్ల మీద జరిపాడు. "ఇదిగో, ఇంత తీసుకున్నాను. ఇది ఇచ్చేస్తా."

కంగారమ్మ వంగి అంకె చూసింది. ఆ రసీదులో ఉన్నది ప్రభుత్వం ఒప్పుకునే ఫీజు మాత్రమే. ఇచ్చినదాంట్లో నాలుగో వంతు కూడా కాదు. మిగతాదంతా మెకానిక్ సంచిలో పెట్టుకెళ్లి చేతికిచ్చాడు. రసీదు అడిగితే "మన మధ్య కాగితాలేంటి బావా" అన్నాడట. అతను మళ్లీ అడగలేదు.

"మిగతాది?" అంది.

"మిగతాది ఏంటమ్మా?"

"మా ఆయన తెచ్చి మీ చేతిలో పెట్టింది!"

"రసీదు చూపించండి, ఇస్తాను." ఏజెంటు అధికారి వైపు తిరిగాడు. "చూశారా మేడమ్, నోటికొచ్చినట్టు..."

అధికారి మెకానిక్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. "చేతికే ఇచ్చానండీ. బ్యాంకులోంచి తీసిన రోజే."

"బ్యాంకులో తీసినట్టు మాత్రమే తెలుస్తుంది బాబూ. ఆయన అందుకున్నట్టు ఎలా తెలుస్తుంది?"

ఆ రోజు కంగారమ్మకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. అంత డబ్బు సంచిలో పెట్టుకుని మనిషి బస్సెక్కాడు. బస్సులో జేబుదొంగలు. దిగేటప్పుడు సంచి మరిచిపోయే మొగుడు. అతనికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ గంటసేపూ ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తిరిగి తిరిగి...

"అయ్యో!" అంది ఒక్కసారిగా. పాప ఉలిక్కిపడింది. "ఉంది మేడమ్! నా ఫోన్లో ఉంది!"

ఆమె ఏ మెసేజీ తుడిచెయ్యదు. తుడిచేస్తే ఏం పోతుందోనని. ఏడాది వెనక్కి వేలితో జరుపుకుంటూ పోయింది. పాప టీకాల ఫొటోలు, కూరగాయల ధరలు, బయల్దేరారా, తిన్నారా, గొడుగుందా. దొరికింది. ఆ వాయిస్ మెసేజ్ నొక్కింది. ముందు ఆమె గొంతే వచ్చింది, ఏడుపు గొంతు. "అన్నయ్యా, మా ఆయన వచ్చారా? డబ్బు సంచి తెచ్చారా? ఫోన్ ఎత్తడం లేదు. అన్నయ్యా, అందిందా?"

దాని కింద ఏజెంటు జవాబు. హాయిగా నవ్వుతున్న గొంతు.

"అందింది చెల్లెమ్మా, అందింది! మీ ఆయనా అందాడు, సంచీ అందింది. మొత్తం లెక్కపెట్టుకున్నా, ముందు కట్టింది పోగా ఇవ్వాల్సిందంతా వచ్చేసింది. ఇంక బాకీ ఏమీ లేదు. నువ్వు కంగారుపడకుండా అన్నం తినమ్మా!"

గుమాస్తా ఒకతను నవ్వాపుకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

అధికారి పెదవి కొరుక్కుంది. "ఇంకోసారి వినిపించమ్మా."

రెండోసారి కూడా ఏజెంటు అంతే ఆనందంగా అన్నాడు. ఈ గదిలోని ఏజెంటు మాత్రం చేతిరుమాలు తీశాడు.

"బ్యాంకులో తీసిన రోజూ, ఈ మాట వచ్చిన రోజూ ఒకటే," అంది అధికారి. "ఇంత తీసుకోవడమే నిబంధనకు విరుద్ధం. అది వేరే ఫైలు, దాని సంగతి తర్వాత. ఈ ఫైలు మటుకు చెప్పండి. వీళ్లది వీళ్లకిస్తారా, మీ పూచీ సొమ్ము దాకా వెళ్లమంటారా?"

"ఎందుకు మేడమ్ అంత దూరం... మావాళ్లే కదా. చెక్కు రాసిచ్చేస్తాను. వీళ్లు అందినట్టు సంతకం పెట్టేస్తే ఇక్కడితో..."

మెకానిక్ నోరు తెరిచాడు. ఎప్పటిలాగే సరేనంటాడని కంగారమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

"చెక్కు వద్దండీ," అన్నాడు మెకానిక్. చెవులు ఎర్రబడ్డాయి గానీ చూపు చేపల తొట్టి కోసం వెతకలేదు. "బ్యాంకులో వేసెయ్యండి. పడ్డాక సంతకం పెడతాను. పాస్‌పోర్టు మాత్రం ఇప్పుడే ఇవ్వండి."

"ఆయన చెప్పింది సరిగ్గా ఉంది," అంది అధికారి రాసుకుంటూ.

కంగారమ్మ మొగుడి మోచెయ్యి వదిలేసింది. వదిలేసి మళ్లీ పట్టుకుంది, ఈసారి వేరేగా.

ఏజెంటు తోలుసంచి తెరిచి పాస్‌పోర్టు బల్ల మీద పెట్టాడు. పాప అందుకోబోతే వాళ్ల నాన్న పైకెత్తి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

*

వారం తిరక్కుండానే డబ్బు పడింది. మెకానిక్‌కు మెసేజ్ వచ్చిందని చూపించినా కంగారమ్మ నమ్మలేదు. బ్యాంకుకు తీసుకెళ్లి కౌంటరు ఆవిడ చేత "పడిందమ్మా, పడింది, వెనక్కి పోదు" అనిపించుకున్నాకే కదిలింది. అక్కణ్నుంచి అధికారి ఆఫీసుకు. రద్దయిన ఒప్పందం మీద అడ్డంగా గీత కొట్టి, తేదీ వేసి, మెకానిక్ చేతా, ఏజెంటు చేతా సంతకం పెట్టించారు. ఇచ్చినదంతా తిరిగి అందిందనీ, పని చూపించనందున ఒప్పందం రద్దైందనీ ఉన్న కాగితాన్ని కంగారమ్మ పెదవులు కదుపుతూ, వేలితో వరస పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఎవరూ గడియారం చూడలేదు. సాక్షి సంతకం తనే పెట్టింది.

బస్సు దిగి ఇంటి మూల తిరుగుతుండగానే మెకానిక్ ఫోన్లోంచి అత్తగారి ఖాతాకు మొత్తం పంపించేశాడు. "ఇంటికెళ్లాక పంపొచ్చుగా," అంటే, "దారిలో ఏదైనా అయితే?" అన్నాడు.

"నా కంగారు మీకూ అంటుకుందా?" అంది కంగారమ్మ.

ఇంట్లో అత్తగారు కునుకు తీస్తోంది. ఆవిడ దిండు పక్క ఫోన్ టింగుమంది. ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"ఏమిటే ఆ టింగు?"

"మీ డబ్బు అత్తయ్యా. మొత్తం వచ్చింది." చెప్పాలని ఎన్ని మాటలు దాచుకుందో, ఇవే బయటికొచ్చాయి.

ముసలావిడ లేచి కూర్చుంది. ఫోన్ అందుకుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. మళ్లీ దిండు కింద దోపింది.

"వాడెక్కడికీ పోవడం లేదుగా?"

"లేదత్తయ్యా."

"హమ్మయ్య." పక్కకు జరిగి మంచం మీద చోటిచ్చింది. "వీడు పోతానంటే ఎట్లా ఆపాలా అని ఏడాది నుంచి నాకు నిద్రలేదు. మీరిద్దరూ అంత ముచ్చటపడుతుంటే పైకి అనలేకపోయాను."

కంగారమ్మ అత్తగారి మొహం చూసి, మొగుడి మొహం చూసింది. ఇద్దరి చెవులూ ఒకేలా ఎర్రబడి ఉన్నాయి.

"మీ ఇంటిల్లిపాదికీ ఇదేం మొహమాటమండీ! ఒక్కరన్నా నోరు తెరిచి చెప్పుంటే నేను ఈ మెట్లన్నీ ఎక్కేదాన్నా?"

"చెబితే నువ్వు వినేదానివా?" అంది అత్తగారు. "పడుకో కాసేపు. పాపను వాడు చూసుకుంటాడు."

పడుకోనని చెప్పడానికే మంచం మీద ఒరిగింది కంగారమ్మ. గది అవతల మెకానిక్, పాప కలిసి ఏదో విప్పుతున్న చప్పుడు. ఏం విప్పుతున్నారో, పాప నోట్లో స్క్రూ పెట్టుకుంటుందేమో, లేచి చూడాలనుకుంది. "అది నోట్లో పెట్టుకోకు తల్లీ, ఇలా ఇవ్వు," అని అతని గొంతు వినబడింది. ఇచ్చినట్టుంది. ఆమె అటు తిరిగి పడుకుంది.